గుడిలో అయ్యగారి కాళ్లు మొక్కవచ్చా?

అడిగినవారు: మొన్న శనివారం మా కాలనీ వెంకటేశ్వర స్వామి గుడికి అమ్మను తీసుకెళ్లాను. తీర్థం తీసుకున్నాక అమ్మ అయ్యగారి కాళ్లకు మొక్కబోతే, ఆయన రెండడుగులు వెనక్కి జరిగి "వద్దమ్మా, స్వామికి మొక్కండి" అన్నారు. ఇంటికొచ్చేదాకా అమ్మ నోరు విప్పలేదు. ఇది అవమానం కాదా?

మల్కాజిగిరి వాసి: మడిలో ఉండి ఉంటారు. ముట్టుకుంటే మళ్లీ స్నానం చేయాలి. అంతే, టెన్షన్ పడకండి.

అర్చకుల ఇంటి అబ్బాయి: మడి సంగతి నిజమే. కానీ అదొక్కటే కారణమైతే "ముట్టుకోకండి" అనేవారు, "స్వామికి మొక్కండి" అనేవారు కాదు. మూలవిరాట్టు ఎదుట కన్న తల్లిదండ్రులకైనా, గురువుకైనా మొక్కకూడదని మా ఇంట్లో చిన్నప్పుడే నేర్పారు. అక్కడ మొక్కు అందుకుంటే స్వామిది తాను తీసుకున్నట్టే అని మా నాన్నగారికి భయం. ఇంకో మాట. అమ్మగారి తల మీద శఠారి పెట్టే ఉంటారు కదా? దాని మీద ఉండేవి స్వామి పాదాలే. చేత్తో పట్టుకోకుండా తల వంచితే చాలు, పాదాలకు మొక్కినట్టే. అయ్యగారిని పలకరించాలంటే ఆయన బయటికి వచ్చాక చేతులు జోడించి "నమస్కారం అయ్యగారూ" అనండి. వైష్ణవులైతే "జై శ్రీమన్నారాయణ" అంటే తిరిగి అదే అంటారు.

దోమలగూడ నుంచి: నేను రామకృష్ణ మఠంలో ఒక స్వామీజీ కాళ్లకు మొక్కాను. ఆయన ఏమీ అనలేదే!

అర్చకుల ఇంటి అబ్బాయి: ఆయన సన్యాసి అండీ, అర్చకుడు కాదు. అక్కడ ఒక్కో మఠానిది ఒక్కో పద్ధతి. చాలామంది పీఠాధిపతులకు దూరం నుంచే సాష్టాంగం చేస్తారు, పాదాలు ముట్టుకోరు. మా బాబాయి ఒకసారి అలవాటుగా ఒక స్వామివారి ముందు చెవులు పట్టుకుని గోత్రం, ప్రవర చెప్పడం మొదలుపెట్టాడు. పక్కనున్న శిష్యుడు చేయి పట్టుకుని ఆపాడు. ఆ అభివాదం పెద్దలకు, గురువులకే, సన్యాసికి చెప్పరు. మొక్కితే వారు "నారాయణ" అంటారు. ఆ మొక్కు నారాయణుడికే చేరాలని.

గజ్వేల్ కోడలు: మా ఊళ్లో పెళ్లిలో అయ్యగారి కాళ్లు మొక్కితే అక్షింతలు వేసి దీవిస్తారు. పెద్దావిడ వంగినప్పుడు వెనక్కి జరగడం నాకైతే నచ్చలేదు.

అర్చకుల ఇంటి అబ్బాయి: పెళ్లి పందిట్లో గర్భగుడి లేదు కదక్కా. అయితే ఆయన చేతులు జోడించి, చిరునవ్వుతో ఆ మాట చెప్పి ఉంటే బాగుండేది, ఒప్పుకుంటాను.

అడిగినవారు: అమ్మకు అంతా చదివి వినిపించాను. శఠారి మాట దగ్గర మళ్లీ చదవమంది. వచ్చే శనివారం వస్తానంటోంది. వెనక్కి జరిగారన్న బాధ మాత్రం ఇంకా పోలేదు.