డాలస్ నుంచి ల్యాప్‌టాప్ తెప్పించాలా, హన్మకొండలోనే కొనాలా?

కార్తీక్, హన్మకొండ: మా అన్న వచ్చే నెల డాలస్ నుంచి వస్తున్నాడు. బీటెక్‌కి నాకు ల్యాప్‌టాప్ కావాలి. అక్కడ 900 డాలర్లు, అదే మోడల్ ఇక్కడ 97,000. తెప్పించుకుంటే కరెంటు, కీబోర్డ్, వారంటీ, కస్టమ్స్‌తో ఇబ్బంది ఉంటుందా?

సాంబయ్య, జనగామ: వద్దు బాబూ. అమెరికాలో 120 వోల్టులు, మనకు 230. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెడితే కాలిపోతుంది. మా బావమరిది అక్కడి నుంచి తెచ్చిన మిక్సీ మొదటి రోజే పోయింది.

శ్రీనివాస్, హన్మకొండ చౌరస్తా: నేను పన్నెండేళ్లుగా ల్యాప్‌టాప్‌లు రిపేర్ చేస్తున్నాను. సాంబయ్య గారూ, మిక్సీ విషయంలో మీరు చెప్పింది నిజమే, ల్యాప్‌టాప్‌కి మాత్రం అది వర్తించదు. ఛార్జర్ ఇటుక మీద చిన్న అక్షరాల్లో `INPUT: 100-240V~ 50/60Hz` అని ఉంటే ఏ దేశంలోనైనా నేరుగా పెట్టుకోవచ్చు. మార్చాల్సింది గోడ నుంచి ఇటుక దాకా వచ్చే వైరు ఒక్కటే. మన మూడు పిన్నుల వైరు రెండు మూడు వందలకి దొరుకుతుంది. దాని బదులు రెండు పిన్నుల ట్రావెల్ అడాప్టర్ తగిలిస్తే ఎర్త్ తెగిపోతుంది, మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే సన్నగా జిల్లుమంటుంది. అలా ఉందని నా దగ్గరికి తెచ్చిన చాలా వాటికి వైరు మారిస్తే సరిపోయింది.

స్వప్న, కరీంనగర్: నేను జర్మనీలో చదివేటప్పుడు అక్కడే కొన్నాను. వై, జెడ్ అక్షరాలు తారుమారుగా ఉంటాయి. మీసాల బ్రాకెట్లకి AltGr నొక్కి 7, 0 కొట్టాలి. కోడ్ రాసేవాళ్లకి నరకం. సెట్టింగ్స్‌లో ఇంగ్లిష్ లేఅవుట్ పెట్టుకున్నా, కీ మీద ఒకటి ఉంటుంది, తెరపై ఇంకొకటి పడుతుంది. ఆలోచించుకో తమ్ముడూ.

శ్రీనివాస్: అక్కా, అమెరికా కీబోర్డూ మన దగ్గర అమ్మేదీ దాదాపు ఒకటే. కార్తీక్‌కి ఆ బాధ లేదు.

శ్రీలత, కాజీపేట: నా అనుభవం విను కార్తీక్. మా ఆయన అమెరికా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ ఎనిమిదో నెలలో ఆన్ కావడం మానేసింది. ఏడాది వారంటీ ఉంది కదా అని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, సీరియల్ నంబర్ కొట్టి, "ఇది అమెరికాలో అమ్మింది, ఇండియాలో వారంటీ చూపించడం లేదు" అన్నారు. బిల్లు చూపించినా ఫలితం లేదు. మదర్‌బోర్డుకి 28,000 కట్టాం. మేం మిగిల్చుకున్నది 10,000 కూడా కాదు.

నరేశ్, హసన్‌పర్తి: కార్తీక్, మీ అన్న దాన్ని కొరియర్‌లో పంపితే సరిపోదా?

శ్రీనివాస్: సరిపోదు నరేశ్. కస్టమ్స్ సుంకం మినహాయింపు ప్రయాణికుడు సామానుతో తెచ్చేదానికే. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. కొరియర్‌లో వస్తే పన్ను కట్టాలి.

కార్తీక్, ముందు నీ లెక్క చూద్దాం. 900 అనేది పన్ను కలపని ధర. డాలస్‌లో 8.25 శాతం అమ్మకపు పన్ను పడితే 974 డాలర్లు దాటుతుంది. డాలర్‌ని 88 రూపాయలుగా లెక్కిస్తే దాదాపు 85,700. ఇక్కడి ధరలో జీఎస్టీ కలిసే ఉంది. అంటే తేడా 11,000 పైచిలుకు. కాలేజీ ఆఫరో, కార్డు మీద తగ్గింపో దొరికితే అదీ కరుగుతుంది.

శ్రీలత గారికి జరిగింది నేను చాలాసార్లు చూశాను. వారంటీ కంపెనీని బట్టే కాదు, అదే కంపెనీలో మోడల్‌ని బట్టి కూడా మారుతుంది. అందుకే మీ అన్నని బయల్దేరే ముందు రోజు కాకుండా ఇప్పుడే కొనమను. పెట్టె మీది సీరియల్ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, వారంటీ ఏ దేశానికి ఉందో చూడండి. అక్కడ స్పష్టంగా లేకపోతే, ఆ నంబర్ రాసి "ఇండియాలో ఉచితంగా రిపేర్ చేస్తారా" అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్లో "అవును సార్" అన్న మాట కౌంటర్ దగ్గర పనికిరాదు. వారంటీ లేదని తేలితే, వాపసు గడువు ఉండగానే అక్కడే ఇచ్చేయవచ్చు.

వారంటీ ఉన్నా ఇంకోటి అడగాలి. ఆ మోడల్ ఇక్కడ అమ్మకానికి లేనిదైతే విడిభాగం రావడానికి వారాలు పడుతుంది. ఇంటికొచ్చి రిపేర్ చేసే సదుపాయం చాలాసార్లు కొన్న దేశం దాటదు.

స్వప్న: 11,000 అంటే ఒక స్టూడెంట్‌కి చిన్న మొత్తం కాదు శ్రీనివాస్ అన్నా. వారంటీ వస్తుందని తేలితే నేనైతే తెప్పించుకుంటాను.

శ్రీలత: నేనైతే ఇక్కడే కొంటాను. సెమిస్టర్ మధ్యలో ఆగిపోతే ఆ టెన్షన్ ముందు 11,000 నాకు ఎక్కువ కాదు.

కార్తీక్: అన్నకి ఇప్పుడే ఫోన్ చేశాను, శనివారం దుకాణానికి వెళ్లి సీరియల్ నంబర్ ఫోటో పంపిస్తానన్నాడు. ఒక్క సందేహం. అన్న దగ్గర ఆఫీసు పని కోసం తన సొంత ల్యాప్‌టాప్ కూడా ఉంటుంది. రెండు తెస్తే?

శ్రీనివాస్: రెండోది ఆ ఒక్క మినహాయింపులోకి రాదు. అన్న వాడుకుంటున్న పాతదాన్ని కొందరు అధికారులు సొంత వాడకం వస్తువుగా వదిలేశారని విన్నాను, కొందరు విలువ కట్టారని కూడా విన్నాను. అది శంషాబాద్‌లో ఎలా చూస్తారో నేను ఖాయంగా చెప్పలేను. కొత్తదాని బిల్లు మాత్రం చేతిలో ఉంచుకోమను, అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పమను.

సాంబయ్య: శ్రీనివాస్ గారూ, మా మనవడి ఛార్జర్ మీద కూడా మీరు చెప్పిన అక్షరాలే ఉన్నాయి. చూశాను.