జంపఖానాలు సొంత వెబ్‌సైట్‌లో అమ్మడానికి పేమెంట్ గేట్‌వే గురించి సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్లో మగ్గం మీద జంపఖానాలు నేస్తాం. ఇప్పటిదాకా షాపులకు హోల్‌సేల్‌గా, అంటే బీటుబీ పద్ధతిలోనే ఇస్తున్నాం. సరుకు ఒకేసారి పోతుంది గానీ డబ్బులు అరువు మీద ఎప్పటికో వస్తాయి. మార్కెట్‌ప్లేస్‌లో పెడదామంటే కమీషన్, రిటర్న్ ఖర్చులు ఉన్నాయి. పైగా కొన్నవాళ్లు వాళ్ల కస్టమర్లుగానే ఉంటారు, మనకు మిగలరు. అందుకే నేరుగా కస్టమర్‌కే అమ్ముదామని వెబ్‌సైట్ పెడుతున్నా.

గేట్‌వే వాళ్లు కార్డు పేమెంట్‌కు 2 శాతం ఛార్జీ చెప్పారు. 1,200 రూపాయల జంపఖానాకు ఛార్జీ 24. అంటే చేతికి 1,176 వస్తుంది. రెండు పనిదినాల తర్వాత బ్యాంకులో పడుతుందట. ఈ లెక్క సరేనా? కస్టమర్ వాపసు ఇస్తే ఆ 24 కూడా తిరిగొస్తుందా, మనమే భరించాలా?

అసలు టెన్షన్ వేరే ఉంది. మా తమ్ముడితో ఒక ఆర్డర్ పెట్టించా. డబ్బు కట్టగానే సైట్‌కు తిరిగి రాకముందే బ్రౌజర్ మూసేశాడు. అకౌంట్‌లో డబ్బు కట్ అయింది, సైట్‌లో మాత్రం ఆర్డర్ పెండింగ్‌లోనే ఉంది. గేట్‌వే డాష్‌బోర్డులో `authorized` అని ఉంది, `captured` అని లేదు. క్యాప్చర్ చేయకపోతే డబ్బు మనకు రాదని, తిరిగి కస్టమర్‌కే పోతుందని చదివాను. ఆటో క్యాప్చర్ పెట్టి, పేమెంట్ అయిందని గేట్‌వే నేరుగా మన సైట్‌కే చెప్పే వెబ్‌హుక్ కలిపితే సరిపోతుందా? ఒక్కో ముక్కే ఉన్న డిజైన్లను ఇద్దరు ఒకేసారి కొనొచ్చు కదా, వాటికి ఆటో క్యాప్చర్ మంచిదేనా? చేసినవాళ్లు చెప్పగలరు.