212 పేజీల అగ్రిమెంటు: ఒక్క ఊపులో చదవాలా, చుట్లుగా చదవాలా?

కొత్తప్రూఫు:
నాది కాంట్రాక్టు ప్రూఫు దిద్దే పని. శుక్రవారం మధ్యాహ్నం 212 పేజీల డెవలప్‌మెంట్ అగ్రిమెంటు చేతిలో పెట్టారు, సోమవారం సాయంత్రానికి ఇచ్చేయాలి. అసలు ఒప్పందం 150 పేజీలు, మిగతావన్నీ షెడ్యూళ్లు. మొదటి పేజీ నుంచి ఆఖరిదాకా ఒకే ధారగా చదివితేనే పట్టు దొరుకుతుందని ఆఫీసులో పెద్దాయన అంటారు. ఒక్కో చుట్టులో ఒక్కో రకం తప్పు వెతుకు, మధ్యమధ్యలో లేస్తుండు అని పక్క సీటు అక్క అంటుంది. ఎవరి మాట వినాలి?

నాలుగోచుట్టు:
అక్క మాట వినండి. అంకెల చుట్టు మాత్రం ఈ పూటే, కళ్లు తాజాగా ఉన్నప్పుడే పెట్టుకోండి. అర్థం కోసం చదివే కన్ను అంకె మీద ఆగదు, "ఏదో విస్తీర్ణం" అనుకుని దాటిపోతుంది.

ఒకసారి హైదరాబాద్ శివారు భూమి అగ్రిమెంటు నా దగ్గరికి వచ్చింది. షెడ్యూల్లో మూడెకరాల పదిహేడు గుంటలు, 16,577 చదరపు గజాలు అని ఉంది. ఎకరానికి 4,840 గజాలు, గుంటకి 121, లెక్క సరిపోయింది. లోపల వాటాల క్లాజులో మాత్రం ఎవరో "3-17" ని "3.17 ఎకరాలు" గా కొట్టేశారు, ఆ దశాంశాన్నే 4,840తో గుణించి 15,343 గజాలు రాసేశారు. తేడా 1,234 గజాలు. క్లాజు పొద్దున చదివాను, షెడ్యూలు రాత్రి చదివాను, రెండూ సబబుగానే అనిపించాయి. మర్నాడు విస్తీర్ణాలన్నీ ఒక కాగితం మీదకి ఎక్కిస్తుంటే బయటపడింది.

అందుకే ఆ చుట్టులో చదవొద్దు. విస్తీర్ణం, సొమ్ము, తేదీ, శాతం కనిపించిన చోటల్లా పేజీ నంబరుతో సహా కాగితం మీద వేసుకుంటూ పోండి. అంకెల్లో ఒకటీ అక్షరాల్లో ఇంకొకటీ ఉన్నచోట్లు కూడా అక్కడే పడతాయి.

ఒక్కఊపు:
నాకు ఈ చుట్ల పిచ్చి అర్థం కాదు. అంకెలొకసారి, నిర్వచనాలొకసారి, నంబర్లొకసారి అంటూ నాలుగుసార్లు తిప్పుతారు, అసలు ఒప్పందం ఏం చెబుతోందో ఒక్కసారీ చదవరు. కెనడాలో రోజర్స్, అలియాంట్ కంపెనీల గొడవ తెలుసు కదా? స్తంభాల అద్దె ఒప్పందంలో ఒక కామా వల్ల మొదటి ఐదేళ్లలోనే అలియాంట్ ఏడాది నోటీసిచ్చి బయటపడొచ్చని తీర్పొచ్చి, రోజర్స్ ఓడిపోయింది. ఆ కామా ఏ చుట్టులో దొరుకుతుంది? నిదానంగా, ధారగా చదివేవాడికే దొరుకుతుంది.

గుంటూరుకారం:
సగం కథే చెప్పారు గురువుగారూ. 2006లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఇచ్చిన నిర్ణయం అది. 2007లో ఫ్రెంచి ప్రతి చూసి, అందులో అర్థం స్పష్టంగా ఉందని తిప్పేశారు. మనకి పనికొచ్చే సంగతి అదే: రెండు భాషల్లో ఉన్న పత్రమైతే రెండూ పక్కపక్కన పెట్టి చూడటమే ఒక చుట్టు.

పేజీకింత:
నేను ఏడేళ్లుగా కాంట్రాక్టు మీదే ప్రూఫులు దిద్దుతున్నా. పేజీ లెక్కన డబ్బులిస్తారు, లేచి టీ తాగొస్తే ఎవరిస్తారండీ? ముందు నెల జీతం మాట్లాడుకోండి.

కొత్తప్రూఫు:
అన్నా, కాంట్రాక్టు నా ఉద్యోగం కాదు, నేను దిద్దుతున్న కాగితం :)

పేజీకింత:
అదా! సరే, అయినా నా మాట పూర్తిగా తప్పు కాదు. నాలుగు చుట్లు తిరగమంటే ఒక్క పేజీ రేటుకి తిరగలేం. పని ఒప్పుకునేటప్పుడే చెప్పాలి.

నాలుగోచుట్టు:
ఆ మాట ఒప్పుకుంటాను. ఒక్కఊపు గారి మాటలోనూ సగం నిజముంది. ధారగా చదివే చుట్టు తప్పనిసరి, కాకపోతే అది ఆఖర్న రావాలి. గంటకి పది పేజీలు నా వేగం. 150 పేజీలకి 15 గంటలవుతుంది, ఒక్క ఊపులో ఏ మనిషీ చదవలేడు. శనివారం మధ్యాహ్నానికి మిగతా చుట్లు ముగించి అప్పుడు మొదలుపెడితే సోమవారం మధ్యాహ్నానికి తేలుతుంది.

ముప్పావుగంటకోసారి లేస్తాను, కానీ గడియారం కొట్టిందని క్లాజు మధ్యలో లేవను. ఉపక్లాజు ముగిశాక, "14.3 (బి) దాకా అయింది, కంప్లీషన్ డేట్ సంగతి 22లో చూడాలి" అని చీటీ రాసి లేస్తాను. చీటీ లేకుండా లేస్తే తిరిగొచ్చాక రెండు పేజీలు వెనక్కి వెళ్లాలి. ఇంకోటి, ఫోను చూడటం విరామం కాదు. అదీ చదవడమే.

రాడార్‌కాపలా:
దీనికి పాత ప్రయోగం ఉంది. 1948లో మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, గడియారం లాంటి పలకమీద ముల్లు ఎప్పుడైనా రెండింతలు దూకితే గుర్తుపట్టే పని రెండు గంటలపాటు పెడితే, మొదటి అరగంట దాటేసరికే గుర్తుపట్టడం తగ్గింది. ముప్పావుగంట కూడా ఎక్కువే.

ఒక్కఊపు:
ఖాళీ ముల్లు చూడటం, వాక్యం చదవడం ఒకటేనా? నాకు అరగంటకి అప్పుడే ఒప్పందం తలకెక్కుతుంది, అప్పుడు లేవమంటే ఎలా?

నాలుగోచుట్టు:
ఎవరి నిడివి వారిది. అలసట తెలుసుకోవడానికి నా పద్ధతి: పది పేజీలకి ఎన్ని గుర్తులు పెట్టానో అంచున రాస్తాను. మొదట తొమ్మిది, ఎనిమిది వచ్చి తర్వాత వరసగా సున్నా, ఒకటి వస్తే, పత్రం బాగుపడిందనుకోను. ఆ పేజీలు పొద్దున మళ్లీ చూస్తాను.

గుంటూరుకారం:
చివరి క్లాజులన్నీ పాత అగ్రిమెంటు నుంచి దింపినవే అయితే నిజంగానే తప్పులు తక్కువుంటాయి. గుర్తుల లెక్క అక్కడ మోసం చేస్తుంది.

నాలుగోచుట్టు:
నిజమే. కానీ దింపిన చోటే పాత కంపెనీ పేరు మిగిలిపోయేదీ.

ఎఫ్‌తొమ్మిది:
క్లాజు నంబర్ల చుట్టుకి మూడు గంటలు తగలేయకండి. వర్డ్‌లో ఒక నకలు తీసుకుని `Ctrl+A`, తర్వాత `F9`. తెగిన లింకులున్న చోట `Error! Reference source not found.` అని వస్తుంది, దాన్ని వెతికితే చాలు.

నాలుగోచుట్టు:
చాలదు. చేత్తో కొట్టిన నంబర్లని `F9` ముట్టుకోదు, ఫుట్‌నోట్లలోవి ఆ `Ctrl+A` కి అందవు. వెతుకు పెట్టెలో `Clause ^#` అని కొడితే క్లాజు పక్కన అంకె ఉన్న ప్రతి చోటూ దొరుకుతుంది. అసలు ప్రమాదం వేరు. 14.2 అని ఉంటుంది, 14.2 ఉంటుంది కూడా. కాకపోతే మధ్యలో ఎవరో ఒక క్లాజు చేర్చినందువల్ల ఒకప్పటి జరిమానా క్లాజు 14.3కి జరిగిపోయి, 14.2లో ఇప్పుడు బీమా ఉంటుంది. ప్రతి నంబరు దగ్గరికీ వెళ్లి అక్కడేముందో చూడాల్సిందే. ఆ మూడు గంటలు దానికే.

కొత్తప్రూఫు:
సోమవారం రాత్రి రాస్తున్నా, పని ఇచ్చేశాను. అంకెల కాగితం మీద విస్తీర్ణాలన్నీ కలిశాయి, ఒక చెల్లింపులో మాత్రం అంకెల్లో 45 లక్షలు, అక్షరాల్లో యాభై నాలుగు లక్షలు ఉంది. నంబర్ల చుట్టులో తప్పుడు క్లాజుకి పోయేవి పదకొండు దొరికాయి. పెద్ద తప్పు మాత్రం ఆదివారం ధారగా చదువుతుంటే తగిలింది: క్లాజు 8లో లోపం సరిదిద్దుకోవడానికి 30 రోజులు, క్లాజు 31లో అదే లోపానికి 15 రోజులు. అంకెల కాగితం మీద రెండూ ఉన్నాయి, కానీ రెండూ ఒకే లోపం గురించని అప్పుడు నాకు తెలియలేదు.

ఒక్కఊపు:
చూశారా! చదివితే దొరికింది.

నాలుగోచుట్టు:
దొరికింది సరే, లేచి వచ్చాక దొరికిందా, కూర్చున్న చోటే దొరికిందా?

కొత్తప్రూఫు:
నిజం చెప్పాలంటే, 31 చదివి అన్నానికి లేచాను. చెయ్యి కడుక్కుంటుంటే క్లాజు 8 గుర్తొచ్చింది.