సత్యవంతుడిలో ‘డు’ తీసేస్తే ఇప్పటి పేరు అయిపోతుందా?

తూర్పుగాలి:
నమస్తే అండీ, సావిత్రి కథని ఇప్పటి విశాఖలో పెట్టి నవల రాస్తున్నా. అమ్మాయికి 27, అబ్బాయికి 29, ఏడాదిలో పోతాడని తెలిసి కూడా పెళ్లి చేసుకుంటుంది. పేర్లు సంస్కృతంవే ఉండాలని నా పట్టుదల, కానీ అబ్బాయి తండ్రి గురించి ‘ద్యుమత్సేనుడు ఆటో దిగాడు’ అని రాయగానే పౌరాణిక నాటకం అయిపోతోంది. అందుకని డు తీసేసి సత్యవంత్, ద్యుమత్సేన్, అశ్వపత్ అని పెట్టా, ఎలా ఉన్నాయి?

పలకబలపం:
డు తీసేస్తే చాలండి, ఎప్పుడూ జరిగేది అదే, రాముడు రామ్ అయినట్టు. సావిత్రి బదులు సవిత పెట్టండి, సూర్యుడి కూతురు అనే అర్థం అలాగే ఉంటుంది, పిలవడానికీ చిన్నగా ఉంటుంది.

కృష్ణలంక:
డు విషయం సగం నిజం. యశ్వంత్, హనుమంత్ మనకి అలవాటే కాబట్టి సత్యవంత్ నిలబడుతుంది. సేన్ అనగానే మాత్రం మన చెవికి బెంగాలీ ఇంటిపేరు వినిపిస్తుంది. అశ్వపత్ అసలు కుదరదు, పతితో ముగిసే పేర్లని మనం అలా కోయం, శ్రీపతి శ్రీపతిగానే ఉంటాడు, భూపతి భూపతిగానే ఉంటాడు. అంటే అక్కడ పాతబడింది పతి కాదు, ముందున్న అశ్వ.

సవిత దగ్గర ఒక చిక్కుంది. సంస్కృతంలో సవితా అంటే సూర్యుడే, మగ పేరు, దాని మూలం సవితృ. చివర ‘ఆ’ చూసి మనం ఆడపేరు చేసుకున్నాం, వాడుకలో తప్పేం లేదు కానీ అర్థం కోసమే పెడుతున్నారు కాబట్టి చెప్తున్నా. పైగా కథలో ఆ పిల్లకి ఆ పేరు రావడానికి కారణం ఉంది, అశ్వపతి సావిత్రీదేవిని కొలిస్తే పుట్టింది. మీ కథలో నాయనమ్మ పేరు పెట్టారని ఒక్క వాక్యం రాస్తే 27 ఏళ్ల అమ్మాయి సావిత్రి అయినా ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు, మన ఇళ్లల్లో జరిగేదే కదా, ఫ్రెండ్స్ ఎలాగూ సావీ అనే పిలుస్తారు.

గోరింటాకు:
స తో మొదలయ్యే పేర్లు మాకూ కావాలండీ, వచ్చే నెల పాపకి బారసాల. సాన్విక అనుకుంటున్నాం, బావుందా?

కృష్ణలంక:
బావుందమ్మా, కానీ ఇక్కడ నవల్లో పాత్రల గురించి మాట్లాడుతున్నాం, విడిగా పోస్ట్ పెడితే ఇంకా చాలామంది చెప్తారు. అయితే మీ మాటలోంచే ఒకటి గుర్తొచ్చింది, పేరుకి పుట్టిన సంవత్సరం కూడా ఉంటుంది. సాన్విక, సత్యాంశ్ లాంటివి ఇప్పటి పిల్లల పేర్లు, 29 ఏళ్లవాడికి పెడితే అతకవు. ద్యుమత్సేనుడికి మీ కథలో అరవై దాటి ఉంటాయి కదా, ద్యుమత్ అంటే వెలుగున్నది, ఆ వయసు మనిషికి ప్రకాశరావు అని పెట్టి చూడండి. మూలంలో ఆయన గుడ్డివాడు కదా, చూపు పోయిన ప్రకాశరావు అంటే మీరు ఏమీ విప్పి చెప్పక్కర్లేదు.

తూర్పుగాలి:
అబ్బ, ఇది నాకు తట్టనే లేదు. మరి అబ్బాయికి సత్యవంత్ ఉంచనా?

కృష్ణలంక:
నేనైతే సత్య అని పెడతా. అరణ్యపర్వంలో అతనికి ఇంకో పేరు కూడా ఉంది, చిత్రాశ్వుడు. చిన్నప్పుడు గుర్రాలంటే ఇష్టం, మట్టితో గుర్రాలు చేసేవాడు, బొమ్మల్లోనూ గుర్రాలే గీసేవాడు, అందుకని ఆ పేరు. మీవాడిని బొమ్మలు గీసేవాడిగా చేస్తే ఆ రెండో పేరు అతని సంతకం అవుతుంది, ఇంట్లో సత్య, బొమ్మ కింద చిత్రాశ్వ. అక్కడ పాతగా వినపడినా పర్లేదు, అది అతను కావాలని పెట్టుకున్న పేరు.

పలకబలపం:
సవిత సంగతి ఒప్పుకుంటున్నా, మా పిన్ని పేరు అదే, ఇన్నాళ్లూ తెలీదు. మరి యముడో? యమ్ అని పెట్టలేం కదా.

కృష్ణలంక:
అదే అసలు కష్టం. మూలంలో సావిత్రే ఆయన పేర్లు విడమర్చి చెప్తుంది, ప్రజల్ని నియమంలో ఉంచుతావు కాబట్టి యముడివి, వివస్వంతుడి కొడుకువి కాబట్టి వైవస్వతుడివి అని. అందుకే అక్కడ పేరు వట్టి లేబుల్ కాదు, వాదనలో భాగం. అమరకోశంలో యముడి పేర్ల వరసలో శమనుడు అని ఉంది. డు తీస్తే శమన్, సుమన్ పక్కన పెడితే ఇట్టే కలిసిపోతుంది. ఉపశమనం మనందరికీ తెలిసిన మాట, ఇక నయం కాని రోగులకి నొప్పి తగ్గించే డాక్టర్‌గా ఆయన్ని పెడితే డాక్టర్ శమన్ గారు అన్న పేరు మీద అనుమానం రాదు, తెలిసినవాళ్లకి మాత్రం గుండె ఝల్లుమంటుంది.

పలకబలపం:
నాకు నచ్చలేదండి. పదిమందిలో తొమ్మిదిమందికి అది యముడని తెలీదు, ధర్మరాజు అంటే అందరికీ తెలుస్తుంది, ఇప్పటికీ ఉన్న పేరే.

కృష్ణలంక:
ధర్మరాజు అనగానే ముందు పాండవుల పెద్దాయనే గుర్తొస్తాడు కదా, అదీ నా భయం.

తూర్పుగాలి:
సావిత్రి ఆయన్ని పేరు పెట్టి పిలిచి దాని అర్థం అడిగే సీన్ ఒకటి రాసి చూస్తా, రెండు పేర్లతోనూ. ఏది గొంతులో ఆగకుండా వస్తే అది ఉంచుతా. అశ్వపతి గారు మాత్రం ఇంకా పేరు లేకుండానే ఉన్నారు, శ్రీపతి అంటే గుర్రం పోతోంది.