భార్యకు ఇచ్చిన డబ్బుపై వడ్డీ నా ఆదాయంలో కలిస్తే, ఆమె పాన్‌పై కోసిన టీడీఎస్ ఎవరికి?

2023 ఏప్రిల్‌లో నా భార్యకు బహుమతిగా ఇచ్చిన 10 లక్షల రూపాయలను ఆమె తన పేరిట 7 శాతం వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయగా, ఏడాదికి వచ్చిన 70,000 రూపాయలను 1961 ఆదాయపు పన్ను చట్టం 64వ సెక్షన్ ప్రకారం నా ఆదాయంలోనే చూపవలసి ఉంటుందని తెలుసుకున్నాను. ఆ వడ్డీని ఆమె వేరే డిపాజిట్‌లో వేశారు; దానిపై వచ్చే 4,900 రూపాయలు మాత్రం ఆమె సొంత ఆదాయమేనని, అసలుపై ఏటా వచ్చే వడ్డీ మాత్రం నా ఆదాయంలోనే కలుస్తుందని నా అవగాహన. ఇది సరైనదేనా?

అసలు చిక్కు వేరే ఉంది. బ్యాంకు 7,000 రూపాయల టీడీఎస్‌ను ఆమె పాన్‌పై జమచేసింది, పన్ను మాత్రం నేను కట్టాలి. టీడీఎస్‌ను నా పాన్‌పై జమచేయమని 37బిఎ నిబంధన కింద ఆమె బ్యాంకుకు ముందుగా డిక్లరేషన్ ఇవ్వలేదు. ఇప్పుడు ఆ మొత్తాన్ని నా రిటర్నులో కోరవచ్చా, లేక ఆమే రిటర్ను వేసి రీఫండ్ పొందాలా? ఇలాంటి పరిస్థితిని ఎదుర్కొన్నవారు దయచేసి తెలుపగలరు.