"గొంతులో ఉండ ఉన్నట్టు": వెలక్కాయ జాతీయం ఇక్కడ పనికొస్తుందా?

సుజాత: ఈఎన్‌టీ రోగులకిచ్చే ఒక కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. గొంతులో ఏదో ఉన్నట్టే ఉంటుంది, కానీ అన్నం, నీళ్లు మామూలుగానే దిగుతాయి. డాక్టర్లు గ్లోబస్ అంటారట. "గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు" అని రాయొచ్చా? ఇంతకుముందు ఎవరో "గొంతులో గడ్డ" అని రాశారు. చదివినవాళ్లు హడలిపోతారేమో.

రామ్మూర్తి: వెలక్కాయ కుదరదమ్మా. అది మింగలేక కక్కలేక ఇరుక్కున్నవాడి మాట. మీ రోగికి మింగుడు బాగానే ఉందిగా! "డగ్గుత్తిక" అనండి, చక్కటి తెలుగు.

సుజాత: డగ్గుత్తిక అంటే దుఃఖంతో మాట పెగలకపోవడం కదండీ మాస్టారూ. అది కాసేపు ఉండి పోతుంది. ఇది నెలల తరబడి ఉంటుందట.

వెంకటేశ్: నాకూ అయిందండీ! పులస ముల్లు గుచ్చుకుంది. అన్నం ముద్దలు మింగితే పోతుందన్నారు, పోలేదు. చివరికి డాక్టరు తీశారు.

పద్మ (ఈఎన్‌టీ డాక్టర్, రిటైర్డ్): వెంకటేశ్ గారూ, మీది వేరు. ముల్లు గుచ్చుకుంటే ఒకచోట పొడుస్తుంది, మింగినప్పుడల్లా నొప్పి. సుజాత గారు అడుగుతున్నది నొప్పి లేనిది.

అసలు చిక్కు మనం అడిగే ప్రశ్నలో ఉంది. "మింగడానికి ఇబ్బందిగా ఉందా?" అంటే వీళ్లలో చాలామంది ఉందనే చెప్తారు, ఎందుకంటే ఉమ్మి మింగితే అడ్డం తగులుతుంది. "ముద్ద దిగట్లేదు" అన్నా నమ్మడానికి లేదు, బెంగతో తినబుద్ధి కానివాళ్లూ అదే మాట అంటారు. అందుకని నేను విడదీసి అడిగేదాన్ని: గుటక వేస్తే తెలుస్తోందా, ముద్ద మింగితే ఆగుతోందా? ఉత్త గుటకకు తెలిసి, భోంచేస్తుంటే మాయమైతే నాకు సగం ధైర్యం వచ్చేది.

లక్ష్మణ్: మా అత్తమ్మకు గిట్లనే అయితుండె. గంతా గ్యాసు మేడమ్, గోలీ ఏస్కుంటే పోతది.

పద్మ: కొంత నిజమే లక్ష్మణ్ గారూ. గుండెల్లో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లకు ఆ మాత్ర పనిచేయొచ్చు. అవేవీ లేనివాళ్లకు చాలాసార్లు తేడా కనపడదు.

ఒకావిడ సంగతి చెప్తాను. నలభై దాటాయి. తల్లి పోయిన నెలకు మొదలైంది. మెడ గుంటకు కొంచెం పైన, సరిగ్గా మధ్యలో వేలు పెట్టి చూపించింది. నాతో మాట్లాడుతూనే నాలుగుసార్లు గుటక వేసింది, రెండుసార్లు గొంతు సవరించుకుంది. అన్నవాహిక మొదట్లో చేతి గాజులా గుండ్రంగా కండరం ఒకటి ఉంటుంది. మనం మింగనప్పుడు అది బిగిసే ఉంటుంది, దిగులు ఎక్కువైతే ఇంకా బిగుస్తుంది. ఉత్త గుటకలు వేసేకొద్దీ ఆ బిగువు మరింత తెలుస్తుంది, తెలిసేకొద్దీ మళ్లీ గుటక. ముద్ద వెళ్తే మాత్రం ఆ కండరం తెరుచుకుంటుంది. కారణం ప్రతివాళ్లలో ఇదొక్కటే అని చెప్పలేం గానీ, ఆవిడకు ఇది బాగా సరిపోయింది.

మెడ తడిమి చూశాను, ముక్కులోంచి సన్న గొట్టం పంపి స్వరపేటిక చూశాను. శుభ్రంగా ఉంది. తెర మీద ఆవిడకే చూపించాను.

రామ్మూర్తి: అంటే మానసికం. హిస్టీరియా అనేవారు మా రోజుల్లో.

పద్మ: ఆ పేరు తీసేశారు మాస్టారూ. ఈ రోగుల్లో చాలామందికి హిస్టీరియా లేదని 1968లో మాల్కమ్‌సన్ అనే డాక్టరు పేరే మార్చాడు. దిగులు దీన్ని పెంచుతుంది, నిజమే. అలాగని దిగులే లేనివాళ్లకు రాదని కాదు.

సుజాత: మరి రోగితో ఏం చెప్పాలి? కరపత్రంలో "భయపడాల్సింది ఏమీ లేదు" అని ఉంది.

పద్మ: "ఏమీ లేదు" అనే మాటతోనే పని చెడుతుంది. మా సీనియర్ ఒకాయన అలాగే అనేవారు. రోగికి "నువ్వు అబద్ధమాడుతున్నావు" అన్నట్టు వినపడేది, ఇంకో ఆస్పత్రికి పోయేది. నేను ఆవిడతో ఇలా అన్నాను: "నీకు తెలుస్తున్నది నిజమే, కండరం పట్టేసింది. కానీ అక్కడ పుండు గానీ గడ్డ గానీ లేదు. గుటక వేయాలనిపిస్తే నీళ్లు ఒక గుక్క తాగు, గొంతు సవరించకు." క్యాన్సరేమోనన్న భయం దిగాక చాలావరకు తగ్గింది. అమ్మ సంవత్సరీకం దగ్గర పడ్డప్పుడు మళ్లీ కనిపించిందట, ఈసారి ఆవిడ కంగారుపడలేదు.

ఈ ధైర్యం గొంతు పరీక్షించాకే చెప్పాలి, చూడకుండా కాదు. ముద్ద నిజంగా ఆగినా, మింగితే నొప్పి ఉన్నా, ఒకే పక్క ఉన్నా, బరువు తగ్గుతున్నా, మెడలో చేతికి గడ్డ తగిలినా, గొంతు బొంగురు మూడు వారాలు దాటినా అది ఈ లెక్కలోకి రాదు. చుట్ట, గుట్కా అలవాటున్నవాళ్లను ఇంకా జాగ్రత్తగా చూడాలి.

సుజాత: అయితే "గడ్డ" కొట్టేస్తున్నాను. "ఉండ ఉన్నట్టు" అని రాస్తే?

లక్ష్మణ్: మా దిక్కు ఉండ అంటే లడ్డు అనుకుంటరు. "ఏదో అడ్డం పడ్డట్టు" అనుండ్రి.

రామ్మూర్తి: అడ్డం పడితే ముద్ద ఆగాలి కదయ్యా!

సుజాత: రెండూ రాసి, కింద గుటకా ముద్దా ప్రశ్న పెడతాను. వేరే మాట తడితే చెప్పండి, వచ్చే వారం ప్రెస్‌కు వెళ్తుంది.