శూన్యం అంటే ఏమీ లేదనా? నాగార్జునుడి మాట మీద తగువు

లంక రైతు: అంతా శూన్యం అన్నాడంట బౌద్ధ పండితుడు నాగార్జునుడు. పోయిన వరదకి మా లంకలో అరెకరం గోదారిలోకి జారిపోయింది. అదీ శూన్యమేనా? ఏమీ లేనప్పుడు ఏడవడం దేనికి అనా ఆయన చెప్పింది?

భీమవరం విద్యార్థి: సైన్సు చెప్పేదీ అదేనండి. లంక అనేది నిజంగా లేదు, ఉన్నది ఇసక, ఒండ్రు రేణువులు. ఆ కుప్పకి మనం పేరు పెట్టుకున్నాం. పేరు ఉత్తిది, రేణువులు నిజం. శూన్యత అంటే ఇంతే.

అమలాపురం మేస్టారు: బాబూ, సగం దారి బాగానే వచ్చావు, అక్కడ ఆగిపోకు. మొత్తం అనేది పేరే, ముక్కలే అసలు అన్నది అభిధర్మ పండితులనే బౌద్ధుల మాట. ఆ ముక్కలకి సొంత స్వభావం ఉందని వాళ్ళన్నారు. నిజంగా సొంతమైతే అది కారణాల వల్ల తయారై రాకూడదు, ఇంకోదాని మీద ఆధారపడకూడదు కదా అని నాగార్జునుడు అక్కడే పట్టుకున్నాడు. నీ రేణువుకీ అదే ప్రశ్న.

రైతుగారూ, మీ అరెకరం ఎలా వచ్చిందో చూడండి. ధవళేశ్వరం దాటాక పాయ మందగించిన చోట ఒండ్రు దిగింది, రెల్లు మొలిచి ఆ మట్టిని పట్టుకుంది, మీ పెద్దవాళ్ళు అరటి వేసి హద్దురాయి పాతుకున్నారు, అప్పటికి గాని అది పొలం అవలేదు. వీటికి విడిగా, తనంతట తానుగా నిలబడే పొలం అంటూ ఒకటి ఎక్కడా దొరకదు. ఆయన లేదన్నది దాన్ని, మీ పొలాన్ని కాదు. ఆయన రాసిన మూలమధ్యమకకారిక 24వ అధ్యాయంలో ఎదుటివాడు వేసేదీ మీ ప్రశ్నలాంటిదే: అంతా శూన్యమైతే పుట్టడం లేదు, నశించడం లేదు, దుఃఖం అనే సత్యం కూడా లేనట్టే కదా అని. నాగార్జునుడు ఆ తప్పుని తిప్పి అతని నెత్తినే పెడతాడు. స్వభావం ఉన్న వస్తువు పుట్టదు, మారదు, పోదు. అలాంటి లంక అయితే గోదారి దాన్ని కోయలేదు, మీకు ఏడుపూ రాదు. కారణాల మీద ఆధారపడి పుట్టడాన్నే మేం శూన్యత అంటున్నాం అని ఆ అధ్యాయంలోనే చెప్పాడు.

రాజోలు అక్క: మా నాన్నగారు పోయిన పదో రోజున ఒకాయన వచ్చి, అంతా శూన్యం, బాధ దేనికమ్మా అన్నారు. అమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది. అప్పటి నుంచి ఆ మాటంటేనే నాకు ఒళ్ళు మంట.

అమలాపురం మేస్టారు: అక్కా, ఆయన చెప్పింది శూన్యత కాదు. తప్పుగా పట్టుకున్న పాములాగా, తప్పుగా చూసిన శూన్యత మందబుద్ధిని నాశనం చేస్తుందని ఆ 24లోనే ఉంది. అమ్మగారి దుఃఖం కారణాల వల్ల వచ్చింది, కాబట్టి అది ఉంది, పనిచేస్తోంది.

కాకినాడ లాయరు: నాకిది మాటల గారడీలా ఉంది మేస్టారూ. నాస్తికుడూ స్వభావమున్న వస్తువు లేదంటాడు, మీరూ అదే అంటారు. తేడా ఎక్కడ? పైగా మీ మాట కూడా శూన్యమే అయితే అది దేన్ని ఖండిస్తుంది?

అమలాపురం మేస్టారు: మీకు సాక్షుల సంగతే చెప్తాను, నాగార్జునుడికి వ్యాఖ్యానం రాసిన చంద్రకీర్తి ఇచ్చిన పోలికే ఇది. దొంగతనం నిజంగానే జరిగింది. ఒకడు చూడకుండా, కక్షకొద్దీ ఫలానావాడే దొంగ అన్నాడు. ఇంకొకడు కళ్ళారా చూసి అదే మాట అన్నాడు. మాట ఒకటే అయినా మొదటివాడు అబద్ధాలకోరే. నాస్తికుడు కర్మని, ఫలాన్ని అసలు లేవని కొట్టేస్తాడు. మాధ్యమికుడు, అంటే నాగార్జునుడి దారిలోవాడు, అవి ఎలా పుడుతున్నాయో చూసి, రోజువారీ వ్యవహారంలో వాటిని ఒప్పుకుంటూనే, స్వభావం లేదంటాడు.

రెండో ప్రశ్నకి జవాబు నాగార్జునుడిదే విగ్రహవ్యావర్తని అనే పుస్తకంలో ఉంది. బండి శూన్యమే, అయినా కట్టెలు మోస్తుంది. కుండ శూన్యమే, నీళ్ళు పట్టుకుంటుంది. నా మాట కూడా అలాగే శూన్యమై తన పని చేస్తుంది అంటాడు.

కాకినాడ లాయరు: సాక్షుల పోలిక ఒప్పుకుంటా. కానీ అన్నీ ఒకదాని మీద ఒకటి ఆనుకుంటే అడుగున నేల ఏది? ఏదో ఒకటి నిలబడాలి కదా.

అమలాపురం మేస్టారు: ఆ నేల కావాలనుకోవడమే స్వభావాన్ని వెనక తలుపులోంచి తేవడం.

కాకినాడ లాయరు: అది నా ప్రశ్నకి పెట్టిన పేరు, జవాబు కాదండి.

భీమవరం విద్యార్థి: రేణువుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ లాయరుగారి అనుమానం నాకూ ఉంది.

లంక రైతు: నాకు సగమే ఎక్కింది. ఒకటి చెప్పండి మేస్టారూ, పాస్‌బుక్కులో ఆ అరెకరం ఇంకా నా పేరునే ఉంది, హద్దురాయేమో ఏట్లో ఉంది. మీరన్న వ్యవహారంలో నా పొలం ఉన్నట్టా, లేనట్టా?

అమలాపురం మేస్టారు: వ్యవహారం అంటే కాగితం మీద ఉన్నదల్లా కాదండి. కుండ నీళ్ళు పట్టుకున్నట్టు, పొలం గెల దించాలి. ఆ లెక్కన లేనట్టే. కానీ నది మళ్ళీ అక్కడే మేట వేస్తే, అది ఆ అరెకరమేనా కొత్తదా అంటే, నేనింకా ఆలోచించాలి.